అరువిచ్చిన హార్మోనియం పాడై తిరిగొస్తే స్నేహితుడితో ఎలా మాట్లాడాలి, ఏ మేరకు బాగుచేయించమని అడగాలి

మా పర్లాకిమిడిలో కార్తీకం వచ్చిందంటే హార్మోనియం ఉన్న ఇంటికి మనుషులు వస్తూనే ఉంటారు. సోమవారం భజనకి ఒకరు, ఏకాదశికి ఇంకొకరు. మన తెలుగు వాళ్ల భజన గోష్ఠులతో పాటు ఒడియా వాళ్ల సంకీర్తన మేళాలు కూడా ఆ నెలలోనే జోరుగా ఉంటాయి. పక్కనే పాతపట్నం నుంచి కూడా అడుగుతారు. ఇవ్వకుండా ఉండలేం. ఇచ్చిన పెట్టె పాడై తిరిగొచ్చినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ మాట్లాడుకోరు. చాలామంది "పర్లేదులే" అని లోపల పెట్టుకుంటారు, ఏడాది తర్వాత ఏ పెళ్లిలోనో వేరే మాట మీద అది బయటపడుతుంది.

నాకు ఇది జరిగింది. నలభై రెండు మెట్ల పెట్టె, లోపల గాలికి మోగే సన్నని ఇత్తడి నాలుకలు, అంటే రీడ్లు, రెండు వరసలు, మా నాన్న వాయించినది. చిన్నప్పటి స్నేహితుడు ఇంట్లో భజన అని రెండు రోజులకు తీసుకెళ్లి, ఆరో రోజు తెచ్చాడు. గుమ్మంలో పెడుతూ "శృతి కొంచెం తేడా వచ్చినట్టుంది, చూడరా" అన్నాడు. నేను "పర్లేదులే" అన్నాను. వాడు వెళ్లాక వాయిస్తే ఒక మెట్టు మోగలేదు. అక్కడి నుంచి నేను చేసినవి, చేసి ఉండాల్సినవి కలిపి వరసగా రాస్తున్నాను. మీ వస్తువు కెమెరా కావచ్చు, కుట్టుమిషన్ కావచ్చు. పరీక్షలు మారతాయి గానీ వరస ఇదే.

ముందు ఏం పాడయిందో మీకే తెలియాలి

"నా హార్మోనియం పాడుచేశావు" అనే మాటకు జవాబు ఉండదు. "ఎడమ నుంచి పదహారో మెట్టు కింది వరసలో మోగట్లేదు" అంటే జవాబు ఉంటుంది. అందుకే తెచ్చిన రోజే ఒక అరగంట కూర్చోండి. పెట్టెను నాలుగు వైపులా ఫోన్‌లో ఫోటోలు తీయండి, మూలలు దగ్గరగా తీయండి. తర్వాత ఒక్కో వరసకు గాలి వదిలే స్టాపరు పిడి మాత్రమే లాగి, ఎడమ చివర నుంచి ఒక్కో మెట్టు నొక్కుతూ వీడియో తీయండి. రెండు వరసలూ ఒకేసారి తెరిస్తే ఒకటి మూగబోయినా రెండోది కప్పేస్తుంది, మీకు తెలియదు. తేడా ఉన్న మెట్టు నంబరు కాగితం మీద రాసుకోండి.

ఆ తర్వాత గాలి పరీక్ష. స్టాపర్లన్నీ మూసేసి, తిత్తిని (మిస్త్రీలు బెల్లోస్ అంటారు) బాగా ఊది వదిలేయండి. మెట్లేవీ నొక్కకండి. గాలి నిలిస్తే కింది అర మెల్లగా, చాలాసేపటికి ముడుచుకుంటుంది. చూస్తుండగానే ముడుచుకుపోతుంటే ఎక్కడో కారుతోంది. మడతల మూలల దగ్గర చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన వైపు ఆశ్వయుజం, కార్తీకాల్లో వానలు, తుపానులు సామాన్యం. తేమకు చెక్క ఉబ్బి మెట్టు పక్కదానికి అంటుకుంటుంది. నొక్కితే పైకి రాదు, వదిలినా మోగుతూనే ఉంటుంది. అది ఎవరి తప్పూ కాదు. అలాగే రీడు కింద దుమ్ము ఇరుక్కుంటే కూడా మెట్టు మూగబోతుంది. కాబట్టి పెట్టెను రెండు రోజులు పొడి గదిలో, ఎండ నేరుగా తగలకుండా ఉంచి మళ్లీ అదే పరీక్ష చేయండి. నా పెట్టెలో మొదటి రోజు మూడు మెట్లు తేడాగా ఉన్నాయి. రెండు రోజుల తర్వాత ఇరవై మూడోది దానంతట అదే బాగయింది. మొదటి రోజే ఫోన్ చేసి మూడూ వాడి నెత్తిన వేసి ఉంటే, ఆ ఒక్కటి బాగైనప్పుడు మిగతా రెండూ నేను చెప్పినా వాడు నమ్మేవాడు కాదు.

పదహారోది మాత్రం మూగగానే ఉంది. పందొమ్మిదోది జీరగా, శృతి బాగా దిగి మోగుతోంది. దిగడం అనేది గమనించండి. ఇత్తడి రీడు మొదట్లో, రివెట్టు దగ్గర సన్నగా పగిలితే దానికి బిగువు తగ్గుతుంది, స్వరం కిందకి జారుతుంది, కొన్నాళ్లకు పూర్తిగా పోతుంది. దుమ్ము పడితే ఎక్కువగా మోగడం ఆగుతుంది, లేదా గరగరమంటుంది. శృతి అలా ఒక్కసారిగా జారిపోవడానికి ముందు అనుమానించాల్సింది పగులునే.

ఈ రెండు రోజులూ నోరు మూసుకుని ఉండకండి. అదే సాయంత్రం ఒక మాట చెప్పండి: "పెట్టెలో ఒకట్రెండు మెట్లు తేడాగా ఉన్నాయి. ఆరనిచ్చి చూసి ఎల్లుండి చెప్తాను." నేను ఆ మాట చెప్పలేదు. ఆ తర్వాత మాట్లాడేటప్పుడు వాడు మొదట అన్నది అదే: "ఆ రోజు పర్లేదన్నావు కదరా?" అది న్యాయమైన ప్రశ్న. మీరూ అలాగే అనేసి ఉంటే దాచకుండా చెప్పండి: "మొహమాటానికి అనేశాను, చూసుకోకుండా అన్నాను." ఆ ఒక్క వాక్యంతో దారి మళ్లీ తెరుచుకుంటుంది. అన్న మాటను కాదని వాదిస్తే మూసుకుపోతుంది.

మీరు విప్పవద్దు. పై పలక ఎత్తి మెట్లు, స్ప్రింగులు చూడటం వరకూ ఫర్వాలేదు. రీడ్లు ఇంకా కింద, మెట్ల పలక అడుగున ఉంటాయి. స్క్రూలు మీరు విప్పాక మిస్త్రీ "ఇది ఇప్పుడు వదులయిందా, అప్పుడా" అంటే చెప్పలేరు.

మిస్త్రీని ఎంతవుతుందని ఒక్కటే అడగకండి

మన దగ్గర నుంచి హార్మోనియం బాగు చేయించాలంటే బరంపురం గానీ విజయనగరం గానీ వెళ్లాలి. ఎక్కడికి వెళ్లినా మొత్తం ఒక్క అంకె చెప్పించుకుని రావద్దు. ఒక్కో పనికి విడిగా రాయించుకోండి. ఒక్కోదానికీ ఇంకో ప్రశ్న అడగండి: ఇది దెబ్బ వల్లా, పాతబడటం వల్లా? అనుభవమున్న వాళ్లకు ఇది చూడగానే తెలుస్తుంది. ఇప్పుడే పగిలిన ఇత్తడి అంచు పసుపుగా మెరుస్తుంది, పాత పగులు నల్లబడి ఉంటుంది. ఇప్పుడే విడిపోయిన చెక్క అతుకు లోపల తెల్లగా ఉంటుంది, పాతదైతే లోపల దుమ్ము, మట్టిరంగు పేరుకుని ఉంటాయి. మీ స్నేహితుడి ముందు మీరు కోపంగా వాదించాల్సిన విషయాన్ని అది ప్రశాంతంగా తేల్చేస్తుంది.

నాకు బరంపురంలో రాసిచ్చినది ఇది. పగిలిన రీడ్లు రెండు, కొత్తవి వేయడానికి 600. వెనక మూల అతుకు విడిపోయింది, ఒక స్టాపరు కడ్డీ వంగింది, ఆ రెండింటికీ 700. తిత్తి కొత్తది కట్టడానికి 1,600. పెట్టె మొత్తం శృతి చేయడానికి 1,800. అంతా కలిపి 4,700 రూపాయలు. రీడ్లు, మూల, కడ్డీ కొత్త దెబ్బలేనని, తిత్తి మాత్రం మడత దగ్గర ఎప్పటి నుంచో కారుతోందని ఆయన అన్నాడు. అది నాకు ముందే తెలుసు. రెండేళ్ల క్రితం దానికి తోలు ముక్క అంటించింది నేనే.

ఇంకో రెండు మాటలు మిస్త్రీతోనే తేల్చుకోవాలి. రీడు చివరన గీస్తే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. శృతి చేయడమంటే ఆ గీయడమే. గీసిన ప్రతిసారీ కాస్త లోహం పోతుంది, తిరిగి రాదు. కాబట్టి "అవసరమైనవే ముట్టుకోండి, బాగున్న వాటిని గీయొద్దు" అని ముందే చెప్పండి. రెండోది, పాత రీడ్ల మధ్య కొత్త రీడు వేస్తే శృతి కలుస్తుంది గానీ ధ్వని అచ్చం ఒకేలా ఉండదు. చెవి ఉన్నవాడికి ఆ తేడా తెలుస్తుంది. పాత పెట్టెల్లో జర్మన్ రీడ్లు ఉంటే, ఇప్పుడు ఎక్కువగా దొరికే గుజరాత్ పాలితాణా రీడ్లతో ఆ తేడా ఇంకా తెలుస్తుంది. మీ పెట్టెలో ఏ రీడ్లున్నాయో అడిగి తెలుసుకోండి. బాగుచేత ఎక్కడి దాకా వెళ్లగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తేనే స్నేహితుడిని జరగని పని అడగకుండా ఉంటారు.

ఎవరి వాటా ఎంత: మూడు ప్రశ్నలు

ఇదే అసలు ఘట్టం, మనవాళ్లు దాటేసేదీ ఇదే. డబ్బు మాట ఎత్తకముందే మీలో మీరు తేల్చుకోవాలి. దీనికి నాకు బాగా పనికొచ్చింది, వింతగా అనిపించవచ్చు, 1872 నాటి భారత ఒప్పందాల చట్టం. స్నేహితుడి మీద కేసు వేయమని కాదు. ఒకరి వస్తువు ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు ఎవరి బాధ్యత ఏమిటో అందులో చాలా సూటిగా ఉంది, ఊళ్లో పెద్దమనిషి చెప్పినట్టే ఉంటుంది.

మొదటి ప్రశ్న: తన సొంత వస్తువైతే ఎంత జాగ్రత్తగా చూసుకునేవాడో అంత జాగ్రత్త తీసుకున్నాడా? ఆ చట్టంలో 151వ సెక్షను అడిగేది, మామూలు తెలివిగల మనిషి తన వస్తువు మీద పెట్టేంత శ్రద్ధే, అంతకు మించి కాదు. అంత శ్రద్ధ పెట్టినా పాడైతే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, తీసుకున్నవాడిది బాధ్యత కాదని 152 చెబుతుంది. అంటే ఇంట్లో చాప మీద పెట్టి మామూలుగా వాయిస్తుండగా రీడు పగిలితే అది రీడు వయసు. వాడిని అడగకూడదు.

రెండో ప్రశ్న: ఏ పనికని తీసుకున్నాడో ఆ పనికే వాడాడా? 154వ సెక్షనులో ఒక ఉదాహరణ ఉంది. ఒకడు తన గుర్రాన్ని నువ్వే ఎక్కమని ఇంకొకడికి ఇస్తాడు. అతను తన ఇంట్లో వాడిని ఎక్కనిస్తాడు. ఎక్కినవాడు జాగ్రత్తగానే తోలుతాడు, అయినా గుర్రం అనుకోకుండా పడి గాయపడుతుంది. నష్టం ఎవరు భరించాలి? గుర్రాన్ని అరువు తీసుకున్నవాడే. చెప్పిన హద్దు దాటాక జాగ్రత్తగా ఉన్నామన్న మాట చెల్లదు.

మూడో ప్రశ్న మన మీదకే వస్తుంది: వస్తువులో మనకు తెలిసిన లోపం ముందే చెప్పామా? 150వ సెక్షనులో ఇంకో గుర్రం ఉంది. పొగరుబోతు గుర్రమని తెలిసీ చెప్పకుండా అరువిస్తే, అది పారిపోయి రౌతును పడేస్తే, బాధ్యత ఇచ్చినవాడిదే.

నా విషయంలో వీటిని పెట్టి చూశాను. వాడు తీసుకున్నది ఇంట్లో భజనకి. తర్వాత వీధిలో ముక్కలు ముక్కలుగా తెలిసింది ఏమిటంటే, ఆ వారం వాళ్ల వీధి కమిటీ వాళ్లు అష్టప్రహరి పెట్టారు. ఎనిమిది ప్రహరాలు, అంటే ఒక రోజు పొద్దున్న నుంచి మర్నాడు పొద్దున్న దాకా ఆగకుండా నామసంకీర్తన. అక్కడి పెట్టె పనిచేయకపోతే నాది ఇచ్చాడు. ఇరవై నాలుగు గంటలు మనుషులు మారుతూ, మృదంగం మీదుగా వినిపించాలని గట్టిగా ఊదుతూ వాయించారు. తెల్లవారుజామున పందిరి సర్దుతుండగా ఎవరో కుర్రవాడి చేతిలోంచి జారింది. వాడు దుర్బుద్ధితో చేశాడా? లేదు, దేవుడి పని ఆగకూడదని ఇచ్చాడు. అయినా అది గుర్రం ఉదాహరణే. రీడ్లు, మూల, కడ్డీ వాడి వాటా.

తిత్తి సంగతి నాది. కారుతోందని నాకు తెలుసు, వాడికి చెప్పలేదు. ఒక రోజంతా ఊదితే ఆ చిరుగు పెరిగి ఉంటుంది, నిజమే. కానీ నేను చెప్పి ఉంటే వాడు దాన్ని అక్కడికి ఇచ్చేవాడో కాదో. అందుకే 1,600 పూర్తిగా నాకే రాసుకున్నాను. పైగా పాత తిత్తి స్థానంలో కొత్తది వస్తోంది. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా తిరిగి రావాలని అడగొచ్చు గానీ, అంతకన్నా మెరుగ్గా వాడి ఖర్చుతో రావాలనుకోవడం నాకు తప్పనిపిస్తుంది. శృతి కూడా అంతే. నాలుగేళ్లుగా చేయించలేదు, ఎలాగూ చేయించాల్సిందే. కొత్త రీడ్లు వేయడం వల్ల ఇప్పుడే చేయించాల్సి వచ్చింది. సగం సగం: 900 వాడిది, 900 నాది.

మొత్తం మీద వాడి వాటా 600, 700, 900 కలిపి 2,200. నా వాటా 2,500. ఆ అంకె నా పక్కకే ఎక్కువ వచ్చిందని నాకు కొంచెం బాధేసింది. కానీ కాగితం మీద అది కనబడ్డాక వాడితో మాట్లాడటానికి భయం పోయింది. అడిగేది న్యాయమని నాకు తెలుసు.

నాన్న వాయించిన పెట్టె అన్న బాధను ఈ లెక్కలో వేయలేదు. దాన్ని రూపాయల్లోకి మార్చకండి. ఒకసారి మాటగా చెప్పండి, అంతే.

అడిగే ముందు ఇంకొకటి నిర్ణయించుకోండి: అంత ఇవ్వలేనంటే ఎక్కడ ఆగుతారు? నేను అనుకున్నది రీడ్ల 600, మూల 700. అంటే 1,300 అయినా వాడు పెట్టుకోవాలి, శృతి ఖర్చు వదిలేయగలను. ఇది ముందే అనుకోకపోతే ఎదురుగా కూర్చున్నాక మొహమాటంలో అంతా వదిలేస్తారు, లేదా పంతంలో ఏదీ వదలరు.

మాట్లాడటం

ఫోన్‌లో మెసేజ్ పెట్టకండి. అక్షరాల్లో గొంతు ఉండదు, పైగా ఆ మెసేజ్ వాళ్లావిడ చదువుతుంది, అక్కడి నుంచి ఇంకోలా నడుస్తుంది. గోష్ఠిలో పదిమంది ముందు అసలే వద్దు. మధ్యవర్తిని పంపవద్దు. చిన్న విషయానికి మధ్యవర్తి వస్తే అది పెద్ద విషయం అయిపోతుంది. "రేపు సాయంత్రం ఓసారి ఇంటికి రారా, పెట్టె చూపించాలి" అని పిలవండి. వస్తువు ఎదురుగా ఉన్నప్పుడు మాటలు వస్తువు మీదే ఉంటాయి.

టీ తాగాక నేను పెట్టె ముందు కూర్చుని పదహారో మెట్టు నొక్కాను. మోగలేదు. పందొమ్మిదోది నొక్కాను. ఆ తర్వాత అడిగింది ఒకటే: "ఏటయిందిరా?" అడిగి ఊరుకున్నాను. ఇది కష్టం. మనం నిశ్శబ్దాన్ని భరించలేక "అంటే నువ్వు కావాలని చేశావని కాదు, పాతది కదా..." అని వాడి జవాబు మనమే చెప్పేస్తాం. చెప్పకండి. వాడు కాసేపు పెట్టె వంకే చూసి అష్టప్రహరి సంగతంతా చెప్పాడు. అంతవరకూ నాకు వీధిలో విన్న ముక్కలే తెలుసు. వాడి నోటి నుంచి రావడం ముఖ్యం. మీరు విన్నది మీరే చెప్పి "అవునా కాదా" అంటే అది విచారణ అవుతుంది.

ఆ తర్వాత నా వాటా ముందు చెప్పాను. "తిత్తి ముందే కారుతుందిరా, నీకు చెప్పలేదు, అది నా తప్పు. అది నేను చేయించుకుంటాను." అప్పుడు కాగితం చూపించాను. "ఈ రెండు రీడ్లు, మూల, కడ్డీ కింద పడ్డందుకు. శృతిలో సగం. మొత్తం రెండువేల రెండొందలు. అది నువ్వు పెట్టుకోవాలి." ఆ చివరి వాక్యంలో "కావాలంటే", "నీ ఇష్టం", "వీలైతే" వంటివి పెట్టలేదు. అవి మర్యాద మాటల్లా కనిపిస్తాయి గానీ, అవతలివాడికి మనం ఏం అడుగుతున్నామో తెలియకుండా చేస్తాయి. తర్వాత వాడు ఇవ్వకపోతే మళ్లీ బాధపడేది మనమే.

ఇక్కడ నాలుగు రకాల జవాబులు రావచ్చు.

"కొత్త పెట్టే కొనిచ్చేస్తాన్రా!" అని రోషంగా అంటారు కొందరు. ఒప్పుకోకండి. అది ఇచ్చే మాట కాదు, ఆగిపొమ్మనే మాట. "కొత్తది అక్కర్లేదు, ఇదే కావాలి. దీనికి ఇంతే అవుతుంది" అని కాగితం దగ్గరికి తిరిగి తీసుకురండి.

"అది ముందే అలాగే ఉంది" అంటే వాదించకండి, మిస్త్రీ దగ్గరికి కలిసి వెళదాం అనండి. మెరిసే పగులు అంచు వాడే చూస్తాడు. ముందు పాడైనవన్నీ మీరు ఒప్పుకుని ఉంటే ఈ మాట సాధారణంగా రాదు.

"కమిటీ వాళ్లని అడుగు, పడేసింది వాళ్లు" అనవచ్చు. మావాడు ఇదే అన్నాడు. దీనికి తలొగ్గకూడదని నా గట్టి అభిప్రాయం. నేను పెట్టె ఇచ్చింది కమిటీకి కాదు. ఆ పిల్లవాడెవరో నాకు తెలియదు, వాళ్ల ఇంటి మీదకు నేను వెళితే వీధి వీధంతా గొడవ. "నేను నీకిచ్చాను, నీతోనే మాట్లాడతాను. నువ్వు కమిటీ దగ్గర తీసుకుంటావో లేదో నీ ఇష్టం" అన్నాను. తర్వాత వాడు అడిగితే వాళ్లు కొంత ఇచ్చారట. అది వాళ్ల మధ్య విషయం.

నాలుగోది, "నేనే బాగుచేసి ఇస్తాను, మా వడ్రంగి ఉన్నాడు." దీనికి ప్రేమగానే, గట్టిగా వద్దనండి. మామూలు వడ్రంగి మూల అతుకు వేయగలడు గానీ, రీడ్ల పలక దగ్గర ఫెవిక్విక్ లాంటి జిగురు ఒక్క చుక్క కారినా ఆ రీడు ఇంక కదలదు. మిస్త్రీలు తర్వాత వేడితో విప్పుకోగలిగే సరేసు లాంటి జిగురు వాడేది అందుకే. మేకు కొట్టిన పెట్టెను తర్వాత ఎవరూ సరిగా విప్పలేరు. వాడి చేతి సాయం కావాలంటే వేరే పని ఇవ్వండి: పెట్టెను బరంపురం తీసుకెళ్లి తేవడం. మావాడికి నేను అదే అడిగాను. బస్సు చార్జీలు లెక్కలో వేయలేదు, వాడే మోసుకెళ్లాడు.

డబ్బు ఒకేసారి లేకపోవచ్చు. వాడిది చిన్న దుకాణం, ఆ నెల చేతిలో లేదన్నాడు. 1,200 అప్పుడే, మిగతా 1,000 సంక్రాంతి తర్వాత అనుకున్నాం. తేదీ లేకుండా "తర్వాత ఇస్తాలే" అనే మాట మీద లేవకండి. తేదీ ఉంటే మీరు మధ్యలో అడగక్కర్లేదు, వాడు మిమ్మల్ని చూసి పక్క సందులోకి తప్పుకోనక్కర్లేదు. బాగుచేతకు కూడా గడువు పెట్టుకోండి. మాకు ధనుర్మాసం మొదలయ్యేలోపు, అంటే డిసెంబరు సగానికల్లా పెట్టె ఇంట్లో ఉండాలి, రోజూ తెల్లవారుజామున తిరుప్పావై పాడతారు.

స్నేహితుడికి నిజంగా కష్టకాలం అయితే? ఇంట్లో జబ్బు, అప్పు ఉంటే నేను పూర్తిగా వదిలేస్తాను. అయితే వదిలేస్తున్నానని వాడికి చెప్పి వదిలేస్తాను: "దీనికి ఇంతయింది, నేను పెట్టుకుంటున్నాను, ఇంక దీని మాట లేదు." చెప్పకుండా వదిలేస్తే మన మనసులో అది బాకీగానే ఉంటుంది, వాడి మనసులో అనుమానంగా ఉంటుంది. అలా చెప్పాక ఇంకెప్పుడూ ఎత్తకూడదు, కోపంలో కూడా. ఆ హామీ మీకు మీరు ఇచ్చుకోలేకపోతే 500 అయినా తీసుకోండి.

తిరిగొచ్చాక

బాగుచేసిన పెట్టెను స్నేహితుడి ఎదుటే పరీక్షించండి, మొదటి రోజు చేసినట్టే. స్టాపర్లు మూసి గాలి పరీక్ష, తర్వాత ఒక్కో వరసా విడిగా నలభై రెండు మెట్లు. ఫోన్‌లో శృతి చూపే ట్యూనర్ యాప్ ఏదైనా పెట్టుకుంటే కొత్త రెండు రీడ్లు పక్క వాటితో సరిపోయాయో లేదో అంకెల్లో కనిపిస్తుంది, అప్పుడు నా చెవి, నీ చెవి అనే వాదన రాదు. బాగుందనిపిస్తే బాగుందని పైకి చెప్పండి. మావాడు ఆ మాట కోసం చూస్తున్నాడని వాడి ముఖంలో తెలిసింది.

కొత్త రీడు కొన్ని వారాల వాయింపులో కాస్త కదులుతుంది. మిస్త్రీ నెల తర్వాత ఒకసారి తెమ్మని ముందే చెప్పాడు, దానికి వేరే డబ్బు అడగలేదు. ఇది మాట్లాడే రోజే అడిగి పెట్టుకోండి, లేకపోతే నెల తర్వాత పందొమ్మిదో మెట్టు మళ్లీ తేడా పలికినప్పుడు మళ్లీ మొదటికొస్తారు. మాకు జనవరిలో పలికింది. సంక్రాంతి వెళ్లిన వారానికి మావాడు మిగిలిన వెయ్యి చేతిలో పెట్టి, పెట్టెకు దుప్పటి చుట్టి, బరంపురం బస్సెక్కాడు. ఈసారి నేనూ వెళ్లాను.